లిస్టులో తన పేరుంది, నా పేరు లేదు

(బ్యాంకు మహిళా అధికారుల సమావేశంలో ఒక సీనియర్ అధికారిణి చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. కూర్చోండమ్మా, వెనక కుర్చీలు ఇంకా ఖాళీగానే ఉన్నాయి.

ఈ సమావేశాల్లో నన్ను ఎప్పుడూ ఇంటర్వ్యూకి ఎలా తయారవ్వాలో చెప్పమంటారు. ఈసారి నేనే వేరే విషయం అడిగి తీసుకున్నాను. ప్రమోషన్ లిస్టు వచ్చిన సాయంత్రం గురించి మాట్లాడతాను. మనతో కలిసి చదివిన, మనతో కలిసి పరీక్ష రాసిన ప్రాణ స్నేహితురాలి పేరు అందులో ఉంది. మన పేరు లేదు. ఆవిడకి ఫోన్ చెయ్యాలి. ఏం చెప్పాలి? ఇక్కడున్న వాళ్ళలో చాలామందికి ఆ సాయంత్రం వచ్చే ఉంటుంది, రానివాళ్ళకి ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది.

నా సంగతే చెప్తాను. స్కేల్ టూ నుంచి స్కేల్ త్రీకి ప్రమోషన్ ప్రాసెస్. నేనూ తనూ ఒకే బ్యాచ్‌లో ప్రొబేషనరీ ఆఫీసర్లుగా చేరాం. ట్రైనింగ్ సెంటర్లో ఒకే గది. తర్వాత పోస్టింగులు వేరైనా రోజూ ఫోన్ ఉండేది. సర్క్యులర్ వచ్చిన రోజు నుంచి రాత్రి పిల్లలు పడుకున్నాక ఇద్దరం ఫోన్ స్పీకర్లో పెట్టుకుని చదివేవాళ్ళం. తను క్రెడిట్ చెప్పేది, నేను ఫారెక్స్ చెప్పేదాన్ని. రాత పరీక్ష ఇద్దరం దాటాం, ఇంటర్వ్యూకి ఇద్దరం వెళ్ళాం. తర్వాత ఒక సాయంత్రం క్యాష్ క్లోజింగ్ అవుతుండగా పీడీఎఫ్ వచ్చింది. తన పేరుంది.

ఆ క్షణంలో మనసులో ఏం జరుగుతుందో ముందు సరిగ్గా చూడాలి. అది సరిగ్గా చూడకపోతే ఫోన్‌లో ఎంత మంచి మాటలు ఏరి పెట్టుకున్నా తప్పుగానే వస్తాయి.

మొదట అనిపించేది, నా సీటు తనకి పోయింది అని. మన బ్యాంకుల్లో ఇది లెక్క ప్రకారం నిజం కాదు. ప్రాసెస్‌లో ఖాళీలు ఒకటీ రెండూ ఉండవు, పెద్ద లిస్టు ఉంటుంది. రాత పరీక్ష, గత సంవత్సరాల పనితీరు నివేదికలు, అంటే అపార్, ఇంటర్వ్యూ మార్కులు కలిపి మెరిట్ పెడతారు, ఖాళీలు ఎక్కడ అయిపోతే అక్కడ గీత పడుతుంది. నాకు రావాల్సిన చోటు ఎవరికైనా పోయిందంటే, ఆ గీతకి సరిగ్గా పైన ఉన్న మనిషికి పోయింది. ఆ మనిషి ఎవరో నాకు తెలియదు. ఎక్కడో వేరే జోన్‌లో ఉండి ఉంటారు. నా స్నేహితురాలు ఆ ఏడాది ప్రాసెస్‌లో అసలు కూర్చోకపోయి ఉంటే నేను ఒక్క స్థానం పైకి వచ్చేదాన్ని, అంతే. ఆ ఒక్క స్థానంతో నా పేరు గీత దాటే అవకాశం ఎంత తక్కువో లెక్క వేసుకోవచ్చు. మరి గీత పైన ఉన్న ఆ తెలియని మనిషి మీద నాకు ఎందుకు ఏమీ అనిపించలేదు? నొప్పంతా తన పేరు దగ్గరే ఎందుకు ఆగింది?

దీని మీద అమెరికాలో అబ్రహాం టెస్సర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చాలా ఏళ్ళు పనిచేశాడు. 1980లో ఆయన, జొనాథన్ స్మిత్ కలిసి ఒక ప్రయోగం చేశారు. మాట ఊహించే ఆట. ఒకరు క్లూ ఇవ్వాలి, ఇంకొకరు మాట చెప్పాలి. ఆడేవాళ్ళలో స్నేహితులూ ఉన్నారు, ముక్కూ ముఖం తెలియనివాళ్ళూ ఉన్నారు. ఇది ఊరికే ఆట అని చెప్పినప్పుడు స్నేహితుడికి తేలిక క్లూలు ఇచ్చారు. ఇది మీ తెలివికి పరీక్ష అని చెప్పినప్పుడు మాత్రం స్నేహితుడికి కష్టమైన క్లూలు ఇచ్చారు, తెలియనివాళ్ళకి తేలికవి ఇచ్చారు. టెస్సర్ చెప్పింది ఏమిటంటే, మనిషి ఎంత దగ్గరివాడో, గెలిచిన విషయం మనకి ఎంత ముఖ్యమో, ఆ రెండూ కలిసినప్పుడే గుచ్చుకుంటుంది. నా స్నేహితురాలికి పాటల పోటీలో బహుమతి వచ్చి ఉంటే నేను ఊరంతా చెప్పుకునేదాన్ని. నాకు పాట ముఖ్యం కాదు. స్కేల్ త్రీ ముఖ్యం.

ఇది తెలిసినప్పుడు నాకు పెద్ద ఊరట కలిగింది. గుచ్చుకుందంటే స్నేహం అబద్ధమని అర్థం కాదు. స్నేహం దగ్గరిది కాబట్టే అక్కడ గుచ్చుకుంది. ఈ సంగతి మీ మనసులో ఉంటే ఫోన్ చేసేటప్పుడు నటించాల్సిన భారం సగం తగ్గుతుంది.

పోయింది డబ్బా అంటే అదీ చూద్దాం. 2024 మార్చిలో సంతకాలైన జీతాల ఒప్పందంలో స్కేల్ టూ మూల వేతనం 64,820 దగ్గర మొదలై 93,960 దాకా వెళ్తుంది. స్కేల్ త్రీ 85,920 దగ్గర మొదలవుతుంది. అంటే రెండు స్కేళ్ళూ కొంత దూరం ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. స్కేల్ టూలో సర్వీసు బాగా ఉన్న ఆఫీసర్ అప్పటికే 85,920 దగ్గరో పైనో ఉండొచ్చు. ప్రమోషన్ వచ్చిన నెల జీతంలో తేడా మనం ఊహించినంత ఉండదు, పైగా బదిలీతో రెండు ఇళ్ళ ఖర్చు పడుతుంది. నేను కోల్పోయింది వరస. తను రేపు స్కేల్ ఫోర్‌కి ముందు నిలబడుతుంది, నేను ఒక మెట్టు కింద నుంచి మళ్ళీ రాయాలి. ఇన్నాళ్ళు పక్కపక్కన నడిచిన వాళ్ళం. నాకు ఏడుపు వచ్చింది దానికి.

ఇప్పుడు ఫోన్ సంగతి. వాట్సాప్ గ్రూపులో అప్పటికే పూలగుత్తులు కురుస్తున్నాయి. గ్రూపులో ముందు పెట్టకండి. మీ ఇద్దరి దగ్గరితనానికి గ్రూపులో నలభయ్యో అభినందన అవమానం లాంటిది. పైగా తను ఆ గ్రూపు చూసేది మీ పేరు కోసమే. మీరు అక్కడ ఒక చప్పట్ల బొమ్మ పెడితే, ఇది నాతో నేరుగా మాట్లాడలేకపోతోంది అని అర్థమైపోతుంది. అలాగని వెంటనే ఫోన్ చెయ్యాలని కూడా లేదు. గొంతు వణుకుతుంటే చెయ్యకండి. నేను క్యాష్ క్లోజ్ చేసి, స్ట్రాంగ్ రూమ్ తాళాలు వేసి, ఇంటికి వెళ్ళి మొహం కడుక్కుని చేశాను. కానీ ఆ రాత్రి దాటనివ్వకండి. మర్నాటికి మన మౌనానికి తను ఒక అర్థం చెప్పుకుంటుంది, తర్వాత మనం ఏమన్నా ఆ అర్థం మీదే పడుతుంది.

నేను అన్న మాటలు ఇవి, దాదాపు ఇలాగే:

“ఏమే, కంగ్రాట్స్. లిస్టు చూశాను. నీకు రావాల్సిందే. ఆ రైస్ మిల్లు ఖాతా నువ్వెలా నిలబెట్టావో నాకు తెలుసు కదా. ఇంటర్వ్యూలో అదే అడిగారా? అమ్మకి చెప్పావా?”

తను చాలాసేపు చెప్పింది. బోర్డులో ఎవరేం అడిగారో, ఎక్కడ తడబడిందో, అమ్మ ఫోన్‌లో ఏమందో. నేను విన్నాను. అంతా అయ్యాక నేనే అన్నాను:

“నా పేరు లేదు, చూశావుగా. నీకొచ్చినందుకు సంతోషం, నాకు రానందుకు ఏడుపు, రెండూ ఉన్నాయే. రెండు రోజులు నేను తక్కువ మాట్లాడితే వేరేలా అనుకోకు. ఆదివారం ఇంటికొస్తా, స్వీటు నువ్వే చెయ్యాలి.”

ఇందులో ఒక్కో ముక్క ఎందుకు అక్కడ ఉందో చెప్తాను.

రైస్ మిల్లు సంగతి. ఆ ఖాతా క్యాష్ క్రెడిట్. బాకీ లిమిట్ దాటి అరవై రోజులు అయిపోయింది, ఎస్ఎంఏ టూలో పడింది. తొంభై రోజులు దాటితే ఎన్‌పీఏ, మొండి బాకీ. తను ప్రతి వారం మిల్లుకి వెళ్ళి గోడౌన్‌లో బస్తాలు చూసేది. స్టాక్ స్టేట్‌మెంట్‌లో రాసింది, గోడౌన్‌లో ఉన్నది సరిపోల్చేది. పార్టీకి ప్రభుత్వం నుంచి రావాల్సిన బిల్లు డబ్బు ఏ ఖాతాలోకి వెళ్తోందో కనిపెట్టి, దాన్ని మన ఖాతాలోకే తెప్పించింది. గడువు లోపల ఖాతా రెగ్యులర్ అయింది. ఇది బయటివాళ్ళకి తెలియదు, నాకు తెలుసు, ఎందుకంటే ఆ రోజుల్లో రాత్రుళ్ళు తను నాతోనే మాట్లాడింది. అభినందన నిజమో కాదో తెలిసేది ఇక్కడే. “నువ్వు గ్రేట్” అని ఎవరైనా అనగలరు. తన పని పేరు పెట్టి చెప్పగలిగేది దగ్గరివాళ్ళే. ఇంకో లాభం కూడా ఉంది. మన మనసు లోపల అనుమానాలు మొదలుపెడుతుంది, అదృష్టం అనో, ఎవరో చెప్పారు అనో. తను చేసిన పని నోటితో చెప్పాక ఆ అనుమానం మన నోట్లోనే నిలవదు. చెప్పడానికి నిజంగా ఏ పనీ గుర్తురాకపోతే, తను పడిన శ్రమ చెప్పండి, చదివిన రాత్రులు చెప్పండి. అబద్ధపు పొగడ్త మాత్రం వద్దు. దగ్గరివాళ్ళు గొంతులోనే పట్టేస్తారు.

తర్వాత ప్రశ్నలు. షెల్లీ గేబుల్ అనే పరిశోధకురాలు, ఆమె బృందం 2004లో ఒక పరిశోధన వెలువరించారు. మంచి వార్త చెప్పినప్పుడు అవతలివాళ్ళు ఎలా స్పందిస్తారన్నది దాని విషయం. ఉత్సాహంగా ప్రశ్నలు అడిగి, ఆ సంతోషాన్ని ఇంకొంచెం సాగనిచ్చేవాళ్ళతో బంధం గట్టిగా ఉన్నట్టు తేలింది. మౌనంగా, మెత్తగా “బాగుంది, మంచిది” అని ఊరుకుంటే ఆ ఫలితం కనపడలేదు. అంటే చల్లటి అభినందన వల్ల స్నేహానికి పెద్దగా ఒరిగేదేం లేదు. మన లోపల బరువుగా ఉన్నప్పుడు మన నోటి నుంచి వచ్చేది సరిగ్గా ఆ చల్లటి మాటే. ఒక్క ప్రశ్న అడిగితే చాలు, మిగతా మాటలు తను మాట్లాడుతుంది, మనకి ఊపిరి తీసుకునే సమయం దొరుకుతుంది. నాకు ఆ రోజు ఆ సమయం చాలా అవసరమైంది. తను అమ్మ సంగతి చెప్తున్నప్పుడు నాకు నిజంగానే నవ్వు వచ్చింది. ఫోన్ చేసేముందు ఆ నవ్వు వస్తుందని నేను అనుకోలేదు.

ఇక నా బాధ చెప్పడం. ఇది అసలు చెప్పాలా అని చాలామంది అడుగుతారు. తనకి తెలుసు కదా, లిస్టులో నా పేరు వెతికే ఉంటుంది కదా. ఇద్దరికీ తెలిసిన విషయం ఇద్దరూ చెప్పకుండా మాట్లాడుతుంటే ఆ ఫోన్ బిగుసుకుపోతుంది. తను తన సంతోషం దాచుకుంటుంది, నేను నా బాధ దాచుకుంటాను, వారం తర్వాత ఫోన్లు తగ్గుతాయి. అందుకని చెప్పాలి. కానీ మూడు సంగతులు చూసుకోండి. చివర్లో చెప్పండి, తన మాట పూర్తయ్యాక. చిన్నగా చెప్పండి, రెండు మాటల్లో. తను ఏమీ చెయ్యాల్సిన అవసరం లేకుండా చెప్పండి. ఈ మూడోది ముఖ్యం. “నాకెందుకు రాలేదే?” అని ప్రశ్నగా అడిగితే తను నన్ను ఓదార్చాలి. తన రోజున తను నన్ను ఓదారుస్తూ కూర్చుంటుంది. నేను చెప్పింది సమాచారం. రెండు రోజులు తక్కువ మాట్లాడతాను, కారణం ఇది, ఆదివారం వస్తాను. రోజు చెప్పాను కాబట్టి నా మౌనానికి ముగింపు ఎక్కడో తనకి తెలుసు.

“ఏడుపు” అన్న మాట వాడొచ్చా, “కుళ్ళుగా ఉంది” అనొచ్చా అంటే, అది మీ ఇద్దరి చనువును బట్టి. మా మధ్య ఆ మాటలు చెల్లుతాయి. కొత్త స్నేహంలో “నాకు కొంచెం బాధగా ఉంది” చాలు. కాకపోతే బాధ అన్నది నవ్వుతో కప్పకండి. “నేను కుళ్ళిపోతున్నానే, హహహ” అంటే తనకి అది నిజమో ఆటో తెలియక, జవాబు ఎలా చెప్పాలో తోచదు.

అనకూడని మాటలు కొన్ని విన్నాను, నాకు తెలిసినవాళ్ళు మంచి మనసుతోనే అన్నారు. “నీకు రావడం నాకు వచ్చినట్టే.” ఇది వినడానికి బాగుంటుంది, నమ్మడానికి బాగోదు. “ఇప్పుడిక మేడం అనాలేమో.” అన్న మనిషి సరదా అనుకుంటుంది, విన్న మనిషి ఇద్దరి మధ్య గోడ లేచిందనుకుంటుంది. “పోస్టింగ్ ఎక్కడ ఇస్తారో పాపం, పిల్లలతో కష్టం.” ఇది సానుభూతి వేషంలో వచ్చే దెబ్బ. నిజంగా పిల్లల గురించి బెంగ ఉంటే పోస్టింగ్ ఆర్డర్ వచ్చాక అడగండి, అప్పుడు పనికొస్తుంది.

ఇక్కడ ప్రమోషన్ వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు కాబట్టి ఒక మాట. “అసలు నాకు ఇష్టమే లేదే, బదిలీ అంటే భయంగా ఉంది” అని మొదలుపెట్టకండి. స్నేహితురాలిని నొప్పించకూడదని అంటారు, నాకు తెలుసు. తను రాత్రుళ్ళు చదివి అందుకోలేకపోయిన దాన్ని మీరు వద్దంటున్నట్టు వినపడుతుంది. సంతోషంగా ఉంటే సంతోషంగా ఉన్నానని చెప్పండి.

ప్రాసెస్‌లో అన్యాయం జరిగిందని నిజంగా అనిపిస్తే? అనిపించొచ్చు. అపార్‌లో మార్కులు తగ్గించారనుకుంటే దానికి దారి ఉంది. 2008లో దేవ్ దత్ కేసులో సుప్రీం కోర్టు, ప్రభుత్వ ఉద్యోగుల వార్షిక నివేదికలో రాసిన ప్రతి గ్రేడింగునూ ఉద్యోగికి తెలియజేయాలని, దాని మీద విన్నవించుకునే అవకాశం ఇవ్వాలని చెప్పింది. మీ గ్రేడింగు చూసుకోండి, గడువు లోపల రాతపూర్వకంగా రిప్రజెంటేషన్ ఇవ్వండి, అసోసియేషన్ దగ్గరికి వెళ్ళండి. ఆ ఫైలు వేరు, స్నేహితురాలి ఫోన్ వేరు. బ్యాంకు మీద కోపం తన అభినందనలోకి ఒక్క చుక్క కూడా రానివ్వకండి. మర్నాడు బ్రాంచిలో “మీ ఫ్రెండ్‌కి వచ్చిందటగా, మీకేమైంది మేడం?” అని అడిగేవాళ్ళు ఉంటారు. “తనకి రావాల్సిందే. నాకు ఈసారి రాలేదు” అని రెండు వాక్యాలు ముందే నోటికి వచ్చేలా పెట్టుకోండి. అక్కడ మనం అన్న ప్రతి మాటా సాయంత్రానికి తన బ్రాంచికి చేరుతుంది.

వీడ్కోలు సభ ఇంకో సందర్భం. తనకి వేరే రాష్ట్రం పోస్టింగ్ వచ్చింది, రిలీవ్ అయ్యే రోజు నన్ను మాట్లాడమన్నారు. అక్కడ నా బాధ గురించి ఒక్క మాట చెప్పలేదు. ఫోన్‌లో తనకి ఒక్కదానికి చెప్పాల్సింది చెప్పేశాను కాబట్టి సభలో దాచడానికి ఏమీ మిగల్లేదు. డ్వాక్రా గ్రూపుల వాళ్ళు తనని పేరు పెట్టి ఎలా పిలుస్తారో చెప్పాను, రైస్ మిల్లు పేరు చెప్పకుండా ఆ కష్టం చెప్పాను, కూర్చున్నాను. నలుగురిలో “మేమిద్దరం రాశాం, నాకు రాలేదు గానీ” అని మొదలుపెడితే ఆ సభ తనది కాకుండా పోతుంది.

ఇంతవరకూ చెప్పింది పెద్ద లిస్టు ఉన్న చోటకి. ఒకే ఒక్క పోస్టు ఉన్న చోట, అంటే ఒక చిన్న కంపెనీలో ఒకే టీమ్ లీడ్ ఉద్యోగం, దానికి మీరూ మీ స్నేహితురాలూ, అప్పుడు మీ చోటు నిజంగా తనకే వెళ్ళింది. పైగా రేపట్నుంచి తనకే రిపోర్ట్ చెయ్యాలి. అక్కడ నేను చెప్పిన లెక్క ఊరట ఇవ్వదు. ఫోన్‌లో చెప్పే మాటలు అవే, ఇంకో సంభాషణ మాత్రం అదనంగా కావాలి, ఒక వారం ఆగి. పని దగ్గర ఎలా ఉందాం, నా సెలవు, నా రేటింగు నువ్వు చూసేటప్పుడు ఎలా మాట్లాడుకుందాం అని ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలి. అభినందన రోజున ఆ మాట ఎత్తకండి. వారం దాటితే వాయిదా పడుతూనే ఉంటుంది.

ఆదివారం తను సున్నుండలు చేసింది. నేను వెళ్ళాను. మొదటి గంట ఇద్దరం కొంచెం జాగ్రత్తగానే మాట్లాడుకున్నాం, అది సహజం. తర్వాత తను నా ఇంటర్వ్యూ గురించి అడిగింది, ఏ ప్రశ్న దగ్గర ఆగిపోయానో చెప్పాను. తను తన నోట్సు తీసి నా సంచిలో పెట్టింది. వచ్చే ప్రాసెస్‌కి నాకు మాక్ ఇంటర్వ్యూ తనే చేస్తానంది, స్కేల్ త్రీ బోర్డు ఎలా అడుగుతుందో ఇప్పుడు తనకి బాగా తెలుసు. నేను సరే అన్నాను. తన దగ్గర నేర్చుకోవడం నాకు తేలికగా ఉందా అంటే, కొన్ని రాత్రులు లేదు. అలాంటి రాత్రి “ఈరోజు వద్దే” అంటాను, తను ఎందుకని అడగదు. మిగతా రాత్రులు చదువుతున్నాం. ఇప్పుడు క్రెడిట్ కంటే ముందు రికవరీ తీసుకున్నాం, నా ఇంటర్వ్యూలో దెబ్బ తగిలింది అక్కడే కాబట్టి.

ఇక మీరు అడగండి. ఆ నీలం చీర కట్టుకున్న అమ్మాయికి మైకు ఇవ్వండి, చాలాసేపటి నుంచి చెయ్యి ఎత్తింది.